‘హౌ ఫార్’ అంటే దూరం చెప్పాను: లాగోస్ వీధి మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

కాకినాడ వాసి

అందరికీ నమస్కారం. నైజీరియాలోని లాగోస్‌లో ఒక ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో యంత్రాల నిర్వహణ చూసే ఉద్యోగంలో చేరి ఏడు వారాలైంది. ఇక్కడ అధికార భాష ఇంగ్లీషే కాబట్టి భాషతో ఇబ్బంది ఉండదనుకుని వచ్చాను. ఆఫీసులో నిజంగానే లేదు. గేటు దాటి షెడ్డులోకి వెళితే మాత్రం మాటలన్నీ తెలిసినట్టే ఉంటాయి, అర్థం చేతికి చిక్కదు.

మొదటి రోజే కాపలా మనిషి చిరునవ్వుతో “ఓగా, హౌ ఫార్?” అన్నాడు. ఇల్లు ఎంత దూరమని అడుగుతున్నాడనుకుని పన్నెండు కిలోమీటర్లని చెప్పాను. అతను ఒక్క క్షణం ఆగి, “ఓకే సర్” అని పక్కకు తప్పుకున్నాడు. అది చిన్న విషయం. పోయిన వారం జరిగింది మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మా జనరేటరు చూసే మెకానిక్ నాకంటే పదేళ్లు పెద్దవాడు. సోమవారం మధ్యాహ్నం జనరేటరు విప్పి చూసి, బయటికి వెళ్లి, ఫోనులో ఈ వాయిస్ సందేశం పంపాడు. పదిసార్లు విన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“ఓగా, హౌ ఫార్? ఐ డొన్ చెక్ ద జెన్. ఇ నో డే క్యారీ లోడ్. ఐ గో బై ద పార్ట్ నెక్స్ట్ టుమారో. అబెగ్, సెండ్ మనీ స్మాల్. ఐ డే కమ్.”

నాకు అర్థమైనది ఇది: జనరేటరు చూడబోతున్నాడు, రేపు విడిభాగం కొంటాడు, డబ్బు అడుక్కుంటున్నాడు, ఇప్పుడు వచ్చేస్తున్నాడు. డబ్బు పంపి, సాయంత్రం దాకా గేటు దగ్గర ఎదురుచూశాను. రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం మధ్యాహ్నం విడిభాగంతో వచ్చాడు. అందరి ముందూ “వస్తున్నానని అబద్ధం చెప్పావు, రేపన్నావు, రెండు రోజులు మాయమయ్యావు” అని గట్టిగా అనేశాను. అతను ఏమీ అనలేదు. పని చేసి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నన్ను “హౌ ఫార్” అని పలకరించడం మానేశాడు, “గుడ్ మార్నింగ్ సర్” తప్ప.

ఆ సందేశంలో నేను ఎక్కడ తప్పుగా విన్నాను? ఇది మనం నేర్చుకున్న ఇంగ్లీషుకు ఎక్కడ దూరమవుతోంది? తెలిసినవారు చెప్పండి.

భాషాభిమాని

ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సినది లేదండి. దీన్ని పిడ్జిన్ అంటారు. పశ్చిమ ఆఫ్రికా తీరానికి యూరప్ వర్తకులు వచ్చిన రోజుల్లో బేరసారాల కోసం పుట్టిన భాష. మాటలు ఇంగ్లీషువి, వ్యాకరణం లేదు. అందుకే కాలం ఉండదు, ‘చెక్’ అన్నా చేశాడో చేస్తాడో తెలియదు. చదువు లేనివారి మాట అది. ‘అబెగ్’ అంటే ‘ఐ బెగ్’, అడుక్కోవడమే, మీరు సరిగ్గానే విన్నారు. మీరు నిదానంగా మంచి ఇంగ్లీషు మాట్లాడండి, వాళ్లు దానికి అలవాటు పడతారు.

ఇలుపేజు పాతకాపు

కాకినాడ వాసి గారూ, నేను లాగోస్ ఇలుపేజులో పందొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మొదటి ఏడాది నేనూ ఇలాంటి పొరపాట్లే చేశాను కాబట్టి తీరిగ్గా రాస్తాను.

ముందు భాషాభిమాని గారికి. మీరు చెప్పిన వర్తకం కథ నిజమే. తీరానికి మొదట వచ్చింది పోర్చుగీసువారు, అందుకే తెలుసు అనడానికి ‘సాబి’, పిల్లవాడు అనడానికి ‘పికిన్’ అనే మాటలు ఇప్పటికీ మిగిలాయి. మనకు మేస్త్రీ, అల్మారా మిగిలినట్టు. ‘ఐ బెగ్’ నుంచి ‘అబెగ్’ వచ్చిందన్నదీ నిజమే. కానీ వ్యాకరణం లేదన్నది పూర్తిగా తప్పు. మీ ఇద్దరినీ దారి తప్పించింది అదే. ఈ సందేశంలో కాలం ప్రతి వాక్యంలోనూ ఉంది. క్రియ చివర కాకుండా క్రియకు ముందు ఉంది.

‘ఐ డొన్ చెక్’ అంటే చూడటం అయిపోయింది. ‘డొన్’ ఉంటే పని ముగిసినట్టే. ‘ఐ గో బై’ అంటే కొంటాను, ఇంకా కొనలేదు. ఇక్కడి ‘గో’కు వెళ్లడంతో సంబంధం లేదు. ‘ఐ గో గో’ అని కూడా వింటారు, వెళ్తాను అని. మొదటి ‘గో’ తేలికగా, కింది స్వరంలో పోతుంది, రెండోది పైకి లేస్తుంది. ఇంకా కొనలేదని చెప్పాలంటే ‘ఐ నెవా బై’ అంటారు. ఆ ‘నెవా’ను ఎన్నడూ అని అర్థం చేసుకుంటే మళ్లీ గొడవే. మెకానిక్ ‘ఐ నెవా చాప్’ అంటే జన్మలో తిండి తినలేదని కాదు, ఇంకా భోజనం చేయలేదని.

‘డే’ మనకు సులువుగా పట్టుబడాల్సిన మాట. ‘ఐ డే’ అంటే ఉన్నాను. ‘ఐ డే చాప్’ అంటే తింటూ ఉన్నాను. మన ‘తింటున్నాను’లో ‘ఉన్నాను’ దాగి ఉన్నట్టే అక్కడ ‘డే’ ఉంది. ఉన్నాను అన్నప్పుడు ‘డే’ ఎత్తి పలుకుతారు, తింటున్నాను అన్నప్పుడు దాన్ని కిందికి దించి బరువంతా ‘చాప్’ మీద వేస్తారు. ‘ఇ నో డే క్యారీ లోడ్’ అంటే జనరేటరు లోడు పట్టుకోవడం లేదు. ఒకసారి పట్టుకోలేదని కాదు, వేసిన ప్రతిసారీ అదే జరుగుతోందని. మెకానిక్ రోగం పేరు సరిగ్గా చెప్పాడు.

ఇక మీ రెండు రోజుల సంగతి. ‘నెక్స్ట్ టుమారో’ అంటే రేపు కాదు, ఎల్లుండి. నైజీరియాలో చదువుకున్నవారు మామూలు ఇంగ్లీషు మాట్లాడుతున్నప్పుడూ ఇలాగే అంటారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2020లో చేర్చిన నైజీరియా మాటల్లో ఇదొకటి. మనకు ఎల్లుండి అనడానికి ఒక్క మాట ఉంది, ఇంగ్లీషుకు వాడుకలో లేదు, వీళ్లు చేసుకున్నారు. అతను సోమవారం చెప్పాడు, బుధవారం తెచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు.

‘ఐ డే కమ్’ మనిషి ఇటు వస్తున్నప్పుడు కూడా వాడతారు, కానీ ఇక్కడి నుంచి లేచి వెళ్లేవాడు అంటే ‘ఇప్పుడే వస్తాను’ అని. మన ఇంట్లో చెప్పులు వేసుకుంటూ “ఇప్పుడే వస్తాను” అంటే ఎవరైనా వాకిట్లో నిలబడి ఎదురుచూస్తారా? మీ మెకానిక్ అప్పటికే బయటికి వెళ్లిపోయి ఆ మాట అన్నాడు. పని మధ్యలో ఉంది, వదిలేయడం లేదు, మళ్లీ వస్తాను అని మీకు భరోసా ఇచ్చాడు.

అంటే మీరు అబద్ధాలన్న రెండూ అబద్ధాలు కావు.

కాకినాడ వాసి

పాతకాపు గారూ, చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఆ మనిషి ఏ మాటా తప్పలేదు. నేనే తప్పాను. మరి ‘అబెగ్’ సంగతి? డబ్బు అడుక్కున్నాడనే అనుకుని మనసులో చులకన చేశాను. అది కూడా తప్పేనా?

ఇకేజా గృహిణి

అది కూడా తప్పే తమ్ముడూ. నేను పదకొండేళ్లుగా వారానికి రెండుసార్లు బజారుకు వెళ్తున్నాను. ‘అబెగ్’ లేకుండా ఒక్క బేరమూ సాగదు. అందులో యాచన ఎప్పుడో అరిగిపోయింది.

పాఠశాలలో చెప్పే ‘ప్లీజ్’తో దాన్ని సమానం చేయకండి, సగమే సరిపోతుంది. ‘ప్లీజ్’ ఎక్కడ వేసినా మర్యాదే. ‘అబెగ్’ అర్థం అది ఎక్కడ పడింది, ఎంత సాగింది, ముఖం ఎలా ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. వాక్యం మొదట్లో పొట్టిగా వస్తే మన ‘కాస్త’ లాంటిది. ‘అబెగ్, గివ్ మీ వాటర్’ అంటే కాస్త నీళ్లివ్వు. మీ మెకానిక్ అన్నది ఇదే: కాస్త డబ్బు పంపండి, విడిభాగం కొనాలి. అందులో ‘స్మాల్’ కూడా వేశాడు చూశారా, కొంచెమే అని ఇంకా మెత్తబరిచాడు. గొంతు తగ్గించి, ‘అబెగ్, అబెగ్’ అని రెండుసార్లు అంటే మన ‘బాబ్బాబు’. అంతకంటే గట్టిగా బతిమాలాలంటే ‘ఐ టేక్ గాడ్ బెగ్ యు’ అంటారు, దేవుడి మీద ఆన పెట్టి వేడుకోవడం. అదీ విన్నాను, ఒక తల్లి నోట, ఆసుపత్రి వరండాలో. అప్పుడు ‘బెగ్’ నిజంగా వేడుకోలే.

ఇక దాన్నే విడిగా, సాగదీసి, తల పక్కకు తిప్పి ‘అబే...గ్!’ అన్నారంటే అర్థం తలకిందులవుతుంది. చాల్లెండి, ఊరుకోండి అని. టమాటాల బుట్టకు నేను మరీ తక్కువ ధర చెప్పినప్పుడు అమ్మే ఆమె ఇలాగే అంటుంది. ఆమె నన్ను బతిమాలడం లేదు, వెళ్లమంటోంది. కొత్తలో నేను దాన్ని ‘ప్లీజ్’ అనుకుని, పాపం ఇంతగా అడుగుతోందని ధర పెంచేదాన్ని. ‘అబెగ్, కొమొట్ ఫర్ రోడ్’ అన్నా అంతే, దారికి అడ్డం లేవమని. అక్కడ ‘అబెగ్’ ఉంది, మర్యాద లేదు.

బేరం కుదిరాక ‘అబెగ్, యాడ్ జారా’ అనండి. జారా అంటే మన కొసరే. కొలిచాక ఇంకో గుప్పెడు బియ్యం, ఇంకో రెండు మిరపకాయలు. కొసరు అడగనివాళ్లను అక్కడా బజారు తెలియనివాళ్లుగానే చూస్తారు.

విశాఖ కుర్రాడు

చాలా బాగుంది. ఇవి అమెరికా నల్లజాతి గాయకులు వాడే మాటలే కదా? నా వీడియోల కింద రాసుకోవడానికి ఇలాంటివి ఒక యాభై ఉంటే వరసగా ఇవ్వగలరా? ‘హౌ ఫార్’ నాకు బాగా నచ్చింది.

ఇలుపేజు పాతకాపు

కాదు తమ్ముడూ, అమెరికా వీధి ఇంగ్లీషు వేరు, ఇది వేరు. నైజీరియా పిడ్జిన్‌ను ఇక్కడివారు నైజా అని కూడా అంటారు. వార్రి, సపేలే వైపు ఇంట్లో పుట్టిన పిల్లలకు ఇదే మొదటి మాట. 2017 నుంచి బీబీసీ ఈ భాషలో వార్తలు ఇస్తోంది. ఇది చదువు లేనివారి మాట కాదనడానికి అదొక గుర్తు. లాయర్లు, డాక్టర్లు తమలో తాము ఇదే మాట్లాడుకుంటారు, కోర్టులోకి వెళ్లగానే ఇంగ్లీషులోకి మారతారు. ఎప్పుడు మారాలో వాళ్లకు తెలుసు, మనకు తెలియదు, తేడా అంతే.

యాభై మాటల వరస ఇవ్వను. ఒక్క ‘హౌ ఫార్’ సంగతి చెబుతాను, అది సరిగ్గా తెలిస్తే మిగతావి ఎలా నేర్చుకోవాలో తెలుస్తుంది.

మన ఊళ్లో ఒకరి ఇల్లు కడుతుంటే “ఎంతవరకు వచ్చింది?” అని అడుగుతాం. దూరం కొలిచే మాటతో పని ముందుకు నడవడం అడుగుతున్నాం. ‘హౌ ఫార్’ కూడా ఇదే దారి. ‘హౌ ఫార్ ఫర్ ద వర్క్?’ అంటే పని ఎంతవరకు వచ్చింది. దాన్ని పని నుంచి మనిషి మీదికి మళ్లిస్తే, ఏమిటి సంగతులు, ఎలా నడుస్తోంది అన్న పలకరింపు అయింది. జవాబు ‘ఐ డే’ చాలు. ఉన్నాను, బాగానే ఉన్నాను. కాస్త ఉత్సాహం ఉంటే ‘ఐ డే కాంపే’ అనండి, దిట్టంగా ఉన్నానని. లేదా ‘బాడీ డే ఇన్‌సైడ్ క్లోత్’, ఒళ్లు బట్టల్లోనే ఉంది, బతుకు నడుస్తోంది అని. ఇది కష్టకాలంలో ఎక్కువగా వినిపిస్తుంది. నిజంగా దూరం అడగాలంటే ‘ఇ ఫార్?’ అంటారు. దూరమా అని. ‘ఇ నో ఫార్’ అని జవాబు వస్తే మాత్రం నడవడానికి ముందు ఇంకొకరిని అడగండి.

కాపలా మనిషి మీకు ఇచ్చింది ఒక స్నేహపు మాట. మీరు కిలోమీటర్లు ఇచ్చారు. అతను నొచ్చుకోలేదు, ఈయనకు ఈ మాట తెలియదని గ్రహించి ‘ఓకే సర్’ అని ఇంగ్లీషులోకి జరిగాడు. మెకానిక్ విషయం అలా కాదు. అతను మీకు ‘హౌ ఫార్’ చెప్పడం మానేయడమంటే తలుపు మూసేయడం.

తార్నాక టీచరమ్మ

నేను లాగోస్ చూడలేదు. హైదరాబాద్‌లో తార్నాకలో ఉంటాను. మా వీధిలో నైజీరియా విద్యార్థులు చాలా ఏళ్లుగా అద్దెకు ఉంటున్నారు, మేడ మీద గది ముగ్గురికి ఇచ్చాను. ఒకసారి మెట్ల మీద జారి కూర్చున్నాను. పది అడుగుల దూరంలో ఉన్న అబ్బాయి “సారీ, సారీ మా!” అంటూ పరిగెత్తుకొచ్చాడు. మెట్ల మీద నీళ్లు పోసింది ఇతనేనేమో, అందుకే క్షమాపణ చెబుతున్నాడని నేను రెండు రోజులు అనుమానించాను. తర్వాత తెలిసింది, అక్కడ ‘సారీ’ అంటే మన ‘అయ్యో’. ఎదుటివారికి దెబ్బ తగిలితే, దగ్గు వచ్చినా, చేతిలోది జారి పడినా ‘సారీ’ అంటారు. తప్పు ఒప్పుకోవడం కాదు, మీ బాధ చూశాను అనడం. నేను అనుమానించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తెలుగు వ్యాకరణం చెప్పేదాన్ని కాబట్టి వాళ్ల మాటలు చెవిన పడితే ఆగి వింటాను. ‘ఐ హియర్ సే యు డొన్ ట్రావెల్’ అన్నాడొకసారి. ఆ ‘సే’ ఎందుకో చాలాసేపు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది: అది మన ‘అని’! మీరు ఊరెళ్లారని విన్నాను. ‘అను’ అనే క్రియ నుంచి మనకు ‘అని’ వచ్చింది, చెప్పడమనే ‘సే’ నుంచి వాళ్లకు అదే పని చేసే మాట వచ్చింది. బడి ఇంగ్లీషులో ఆ చోట వచ్చే మాటకు చెప్పడంతో సంబంధమే లేదు. అలాగే ‘క్యారీ యామ్ కమ్’ అంటే తీసుకురా. ‘క్యారీ యామ్ గో’ అంటే తీసుకుపో. ఇంగ్లీషులో ఒక్కో పనికి ఒక్కో క్రియ ఉంది. వాళ్లూ మనమూ తీసుకోవడం ఒకటి, రావడం ఒకటి పక్కపక్కన పెట్టి చెబుతాం. ‘స్మాల్ స్మాల్’ అంటే కొద్దికొద్దిగా, ‘క్విక్ క్విక్’ అంటే త్వరత్వరగా. ఇంగ్లీషు మీదుగా వెళితే కష్టమైనది తెలుగు మీదుగా వెళితే దగ్గరవుతోంది. కాకినాడ బాబూ, ఆ సందేశాన్ని తలలో ఇంగ్లీషులోకి మార్చకుండా నేరుగా తెలుగులోకి వినడానికి ప్రయత్నించండి.

నౌకా ఇంజినీరు

నేను ఓడల మీద ముప్పై ఏళ్లు చేశాను. కామెరూన్‌లోని డువాలా, సియెరా లియోన్‌లోని ఫ్రీటౌన్, లాగోస్ రేవులన్నీ తిరిగాను. అన్నిచోట్లా ఇదే భాష, ఒకటి వస్తే తీరమంతా చాలు. కామెరూన్‌లో టీచరమ్మ గారి ‘సారీ’ బదులు ‘అషియా’ అంటారు, అది ఎంత మంచి మాటో. బరువు మోసేవాడికీ, చావు జరిగిన ఇంటివారికీ ఒకటే మాట.

ఒక సలహా. పెద్దవాడైన మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ‘యు’ అనకండి, ‘ఉనా’ అనండి. అది మన ‘మీరు’. నేను ఎప్పుడూ అదే వాడాను, అందరూ నవ్వుతూ స్వీకరించారు.

ఇకేజా గృహిణి

ఇంజినీరు గారూ, అషియా సంగతి విన్నాను, చాలా బాగుంటుంది. కానీ ‘ఉనా’ విషయంలో మిమ్మల్ని ఒప్పుకోలేను. అది ఇగ్బో భాషలోని ‘ఉను’ నుంచి వచ్చింది, బహువచనం మాత్రమే. నలుగురు నిలబడి ఉంటే ‘ఉనా డొన్ చాప్?’ అనవచ్చు. ఒక్క మనిషిని పట్టుకుని ‘ఉనా’ అంటే, ఆయన వెనక ఇంకెవరున్నారా అని తిరిగి చూస్తాడు. నవ్వుతూ స్వీకరించారంటే అందుకేనేమో.

మనకు ‘మీరు’ అలవాటు కాబట్టి ఈ పొరపాటు తేలికగా వస్తుంది. పిడ్జిన్‌లో పెద్దవారికైనా ‘యు’ అనే అంటారు, మర్యాద పిలుపులో ఉంటుంది. ‘ఓగా’, ‘సర్’, ‘మా’, ‘మేడమ్’. యొరుబా వారి సొంత భాషలో మనలాగే గౌరవ బహువచనం ఉంది, బతిమాలే మాట ‘జో’కు ముందు ‘ఎ’ చేర్చి ‘ఎ జో’ అంటేనే పెద్దవారికి తగినది. ఆ పని పిడ్జిన్ సర్వనామం చేయదు. ఇంకో సంగతి, ‘హీ’, ‘షీ’ తేడా లేదు, అందరికీ ‘ఇ’ ఒకటే. ‘ఇ డొన్ గో’ అంటే అతను వెళ్లాడో, ఆమె వెళ్లిందో, కరెంటు పోయిందో సందర్భమే చెప్పాలి.

నౌకా ఇంజినీరు

అమ్మా, బహువచనమని మీరు చెబితే నమ్ముతాను. కానీ ముప్పై ఏళ్లలో ఒక్కరూ నన్ను సరిదిద్దలేదు.

ఇలుపేజు పాతకాపు

అతిథిని ఎవరూ సరిదిద్దరు సర్, అదే వచ్చిన చిక్కు. ఇంకొక చిన్న సవరణ. తీరమంతా ఒకటే భాష అనకండి. ఫ్రీటౌన్‌లో మాట్లాడే క్రియో భాష, డువాలా మాట, లాగోస్ మాట దగ్గరి చుట్టాలే, కానీ లాగోస్‌లో ‘ఐ డే గో’ అన్నది డువాలాలో ‘అ డి గో’ అవుతుంది. పలకరింపులయితే ఇంకా మారిపోతాయి.

భాషాభిమాని

క్రియకు ముందు కాలం ఉందన్న మాట ఒప్పుకుంటున్నాను, వ్యాకరణం లేదని రాయడం తొందరపాటు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఈయన అక్కడ అధికారి. అధికారి కార్మికుడితో పిడ్జిన్ మాట్లాడితే అది స్నేహమా, లేక “నీకు ఇంతకంటే మంచి ఇంగ్లీషు రాదులే” అన్నట్టా? నేనే ఆ మెకానిక్‌నైతే రెండోదే అనుకుంటాను.

ఇలుపేజు పాతకాపు

ఇది మంచి ప్రశ్న. నా అనుభవంలో వినడం వేరు, పలకడం వేరు. వినడం పూర్తిగా నేర్చుకోవాలి, అది మీ ఉద్యోగంలో భాగం. పలకడం మాత్రం వాళ్లు పిలిచినంత మేరకే. ఎదుటివారు ‘హౌ ఫార్’ అంటే ‘ఐ డే, హౌ యు డే?’ అనండి. ఎదుటివారు ఇంగ్లీషులో మొదలుపెడితే ఇంగ్లీషులోనే ఉండండి. సమావేశంలో, జీతం గురించి, తప్పు గురించి మాట్లాడేటప్పుడు పిడ్జిన్ వద్దు. మీకంటే పెద్దవారికి, మీ పై అధికారికి ముందుగా మీరే ‘హౌ ఫార్’ అనడం అసలు వద్దు. అది ఈడువారి మాట. యొరుబా పెద్దలకు వేళను బట్టి చెప్పే నమస్కారమే తగినది.

ఇకేజా గృహిణి

నేను ఇంత జాగ్రత్త పడను. తప్పులతోనే మాట్లాడాను, నా తప్పులను సరిదిద్దింది బజారు ఆడవాళ్లే, నాకు స్నేహితులైందీ వాళ్లే. పిలిచేదాకా ఆగితే నాకు ఎవరూ స్నేహితులయ్యేవారు కాదు. కాకపోతే నేను కొనుగోలుదారును, ఎవరికీ అధికారిని కాదు. ఈ తేడా ఉందని మాత్రం ఒప్పుకుంటాను.

కాకినాడ వాసి

రేపు పొద్దున మెకానిక్ వస్తాడు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే క్షమాపణ చెప్పాలని ఉంది. ‘సారీ’ అంటే ‘అయ్యో’ అనుకుంటాడా?

ఇకేజా గృహిణి

‘సారీ’ క్షమాపణకూ పనికొస్తుంది, కానీ ఒక్కటే అంటే పలచగా ఉంటుంది. ‘అబెగ్, నో వెక్స్’ అనండి. కోపం పెట్టుకోకండి అని. అక్కడ ‘అబెగ్’కు పాత బరువు తిరిగి వస్తుంది, మీరు నిజంగా బతిమాలుతున్నారు. పొట్టిగా, మెత్తగా పలకండి. సాగదీశారో, చాల్లే అన్నట్టవుతుంది.

ఇలుపేజు పాతకాపు

పేరుకు ముందు ‘ఓగా’ చేర్చండి. ఓగా అంటే యజమాని, పెద్ద. అతను మిమ్మల్ని పిలిచే మాటతోనే మీరు అతన్ని పిలవండి. తప్పు వివరించేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో, స్పష్టంగా: నెక్స్ట్ టుమారో అర్థం నాకు తెలియదు, మీరు చెప్పిన రోజుకే వచ్చారు అని.

కాకినాడ వాసి

ఇప్పుడే షెడ్డు నుంచి వచ్చాను. పొద్దున పనివాళ్లందరూ ఉండగానే చెప్పాను. మొదట ఇంగ్లీషులో, మీరు సోమవారం ఎల్లుండి అన్నారు, బుధవారం తెచ్చారు, నేనే తప్పుగా విన్నాను అని. చివర “ఓగా, అబెగ్, నో వెక్స్” అన్నాను. షెడ్డంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత అతను “నో వహాలా” అన్నాడు. ఇబ్బంది లేదని అర్థమని నా సహాయకుడు చెప్పాడు.

మధ్యాహ్నం జనరేటరుకు పూర్తి లోడు వేసి చూశాం. పోయినది వోల్టేజిని అదుపు చేసే ఏవీఆర్, అది మార్చాక ఇప్పుడు పట్టుకుంటోంది. “ఇ డే క్యారీ లోడ్” అన్నాను. అతను తలెత్తి చూసి, మొదటిసారి నవ్వి, “ఓగా, యు టూ మచ్!” అన్నాడు. నేను మళ్లీ హద్దు దాటానా? ఎక్కువ చేస్తున్నావు అన్నాడా?

ఇకేజా గృహిణి

లేదు తమ్ముడూ. అది మెచ్చుకోలు. మీకు సాటి లేదు అన్నాడు.

ఇలుపేజు పాతకాపు

రేపు పొద్దున అతను ఏమని పలకరిస్తాడో చూసి రాయండి.

కాకినాడ వాసి

పొద్దుటి దాకా ఆగలేదండి. సాయంత్రం వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర నిలబడి, “హౌ ఫార్, యు డొన్ చాప్?” అని అడిగాడు. “ఐ నెవా చాప్” అన్నాను. సంచిలోంచి కాల్చిన మొక్కజొన్న కండె తీసి సగం విరిచి ఇచ్చాడు.